ఉండమన్న పాపాన పోలేదు

ఇనుప సామాన్ల షాపాయనకు షాపు వెనక ఖాళీ స్థలం ఒకటి ఉండేది. తండ్రి నుంచి వచ్చింది. పేరుకు ఆయనదే కానీ, అందులో ఉండేది మాత్రం ఊళ్లోవాళ్ల చెత్త. పదిహేనేళ్ల కిందట భర్త పోయిన ఒకావిడ ఆ చెత్త ఎత్తించి, చుట్టూ కంచె వేసి, గేటుకు తాళం పెట్టి మొక్కలు అమ్మడం మొదలుపెట్టింది. ఎవరినీ అడగలేదు. అందరూ ఆమెను మొక్కలమ్మ అనేవారు.

షాపాయన వారం తిరక్కుండా గేటు దగ్గరికి వెళ్లాడు.

"ఇది నా స్థలం. ఖాళీ చెయ్."

"చెయ్యను. ఇక నుంచి నాది," అంది మొక్కలమ్మ, కుండీలో మట్టి నొక్కుతూ.

ఆనాటి నుంచి ఏటా నాలుగైదుసార్లు ఆయన గేటు ముందు నిలబడి తిట్టేవాడు. ఆమె తల ఎత్తకుండా నీళ్లు పోసేది. తిట్టడం అయ్యాక ఆయన షాపుకు వెళ్లిపోయేవాడు. కోర్టుకు వెళ్లమని భార్య చాలాసార్లు చెప్పింది. "దీనికి కోర్టెందుకు? నా నోరు లేదూ?" అనేవాడు. స్థలానికి పన్ను మాత్రం క్రమం తప్పకుండా కట్టేవాడు.

పదిహేనో ఏట గోడౌను కట్టాలనుకున్నాడు. అప్పుడు వకీలు దగ్గరికి వెళ్లాడు.

వకీలు అంతా విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పన్నెండేళ్లలోపు దావా వేసి ఉండాల్సింది. ఎదుటి మనిషి మీ అనుమతి లేకుండా, బాహాటంగా, తనదే అన్నట్టు, మధ్యలో వదలకుండా అన్నాళ్లూ ఉంటే మీ హక్కే పోతుంది."

"నేను ఊరికే ఉన్నానా? ఏటా తిట్టాను కదా! పన్నూ కట్టాను."

"తిడితే గడువు ఆగదు. పన్నూ ఆపదు. దావా వేయడమో, స్థలాన్ని నిజంగా వెనక్కి తీసుకోవడమో జరగాలి." వకీలు ముందుకు వంగాడు. "ఒకటి చెప్పండి. పాపం ఆడమనిషి అని జాలిపడి, ఉండమని ఎప్పుడైనా అన్నారా? మీ అనుమతితో ఉన్న మనిషి ఎన్నేళ్లున్నా ఆ స్థలం ఆమెది కాదు."

షాపాయన కుర్చీలోంచి లేచాడు. "జాలా? ఆమె మీదా? నేను అంత చేతగానివాడిలా కనిపిస్తున్నానా?"

వకీలు అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. లేని అనుమతిని ఉందని చెప్పించే రకం కాదాయన. అయినా దావా వేశాడు, అడిగినందుకు.

స్థలం తనదైందని రుజువు చేయాల్సింది మొక్కలమ్మే. ఆమెకు కంచె వేసిచ్చిన మనిషి, గేటుకు ఎదురుగా ఉన్న టైర్ల షాపాయన వచ్చి చూసింది చెప్పారు. ఆమె వకీలు మొదటి రోజే ఆమెను అడిగాడు, "ఎప్పుడైనా అద్దె ఇస్తానన్నారా?" అని. "నేనెందుకంటాను?" అంది ఆమె. అద్దె మాటెత్తితే స్థలం షాపాయనదని ఒప్పుకున్నట్టే. వకీలు ఊపిరి పీల్చుకున్నాడు.

తర్వాత షాపాయన బోనెక్కాడు. మొక్కలమ్మ వకీలు మహా మర్యాదగా అడిగాడు.

"అయ్యా, మీరు పెద్దమనసు చేసుకుని ఈమెను ఉండనిచ్చారు కదా?"

షాపాయన తరఫు వకీలు బల్ల కిందికి చూశాడు.

"పెద్దమనసా?" షాపాయన గొంతు పెరిగింది. "ఒక్కరోజు కూడా ఉండమన్న పాపాన పోలేదు! పదిహేనేళ్లు ఆ గేటు ముందు నిలబడి తిట్టాను. తాళం కూడా వేసుకుంది. నా మాట లెక్కచేసిందా? నాదే అంది! ఊరంతా సాక్ష్యం!"

"ఇంకేమీ అడగను," అన్నాడు మొక్కలమ్మ వకీలు.

తీర్పులో జడ్జి ఆయన మాటలే ఎత్తి రాశారు. యజమానికి మొదటి వారంలోనే తెలుసు, అనుమతి ఎన్నడూ ఇవ్వలేదు, ఆమె చాటుగా ఉండలేదు, స్థలం వదలలేదు. దావా కొట్టేశారు.

కోర్టు మెట్ల మీద మొక్కలమ్మ మొహంలో సంతోషం కనిపించలేదు. ఎవరో తిట్టి మరీ అన్నం పెట్టినట్టుంది ఆమెకు. షాపాయన ఆమెకేసి చూడకుండా దిగిపోయాడు.

ఇంటికి చేరాక భార్య మంచినీళ్లిచ్చింది. "అన్నేళ్లు గొంతు చించుకునే బదులు, మొదట్లోనే ఒక్కసారి 'ఉండవమ్మా' అనుంటే స్థలం మిగిలేది," అంది. ఆయన నీళ్లు తాగి గ్లాసు ఇచ్చేశాడు. అప్పీలుకు వెళ్లలేదు. గోడౌనులో పెట్టాల్సిన ఇనుప కడ్డీలు ముందుగదిలోకి చేరాయి. ఇంట్లోవాళ్లు వాటిని దాటుకుంటూ తిరగసాగారు.

రెండు నెలల తర్వాత ఆయన భార్య గులాబీ మొక్క కోసం వెళ్లింది.

"అన్నయ్యగారు ఎలా ఉన్నారు, వదినా?" అడిగింది మొక్కలమ్మ. "అసలు ఇటు రావడమే మానేశారు."

"తిట్టడానికి మనిషి లేక సన్నబడ్డారు."

"రమ్మనండి."

"పరాయివాళ్ల స్థలంలోకి అనుమతి లేకుండా రానంటున్నారు."

"నేను అనుమతి ఇచ్చానని చెప్పండి."

భార్య కుండీని సంచిలో పెట్టుకుంది. "అయ్యో, ఆ మాట చెబితే ఇక చచ్చినా రారు," అంది.