ఏడో స్లైడు దగ్గర నీ మాట

మంచం దిగొద్దని డాక్టరు చెప్పిన రోజు నేను మొదట బిడ్డ గురించి అడిగాను, ఆ వెంటనే గురువారం మీటింగు గురించి. ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను ఎగాదిగా చూసి, "ఏడో నెలమ్మా మీకు. బాత్రూముకి తప్ప లేవకూడదు అంటే మీటింగుకి లేవచ్చని కాదు" అంది.

నేను ఆసుపత్రిలో చెవి పరీక్షలు చేస్తాను. అప్పుడే పుట్టిన పిల్లలకి వినికిడి ఉందో లేదో చూడటానికి మాకో వ్యాను ఉంది. అది వారమంతా ఊరి చివరి కాలనీల్లో తిరుగుతుంది. దాన్ని నడపాలా, ఆపేయాలా అన్నది ఆ గురువారం కమిటీ తేల్చాలి. కమిటీకి చూపించే స్లైడ్లు నేను నెల రోజులు కూర్చుని చేశాను. ఇప్పుడు కమిటీ ఎదుట నిలబడి వాటిని చూపించడానికి నేను లేను.

ఇక మిగిలింది మా వదిన. మా ఆయనకి అక్క. అదే ఆసుపత్రిలో, నా గదికి రెండు గదుల అవతల, వినికిడి తగ్గిన పిల్లలకి మాటలు నేర్పుతుంది. పిల్లల ముందు ఆవిడ మహారాణి. కుర్చీల్లో పెద్దవాళ్ళు వరసగా కూర్చుని కనిపిస్తే మాత్రం గొంతు కాస్తా గొణుగుడవుతుంది.

"నువ్వు భయపడకు వదినా, అక్షరం అక్షరం రాసిస్తాను" అన్నాను. అన్నట్టే రాశాను. ప్రతి స్లైడు కింద నోట్సు పెట్టే చోటు ఉంటుంది కదా, అక్కడ నేను మాట్లాడబోయే ప్రతి మాటా దించేశాను. నిట్టూర్పులు ఒక్కటే తక్కువ.

ఆ సాయంత్రం వదిన నా మంచం పక్కన నిలబడి, ల్యాప్‌టాపు ఇస్త్రీ బల్ల మీద పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

"ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నాకు నిద్ర పట్టేది కాదు..." అని చదివి ఆగింది. "నాకు బాగానే పట్టేది పిల్లా."

"అబ్బా, చదువు వదినా!"

చదివింది. రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతే నయం. ఒకచోట వరస తప్పి, ఎక్కడుందో వెతుక్కోలేక, మళ్ళీ మొదటికి వచ్చింది. మూడోసారి ల్యాప్‌టాపు మూసేసి పక్కన కూర్చుంది.

"ఇందులో నేనెక్కడున్నాను? అంతా నువ్వే. నీ గొంతు అద్దెకి తీసుకున్నట్టుంది నాకు."

నాకు ఒళ్ళు మండింది. నెల రోజుల కష్టాన్ని ఆవిడ అద్దె ఇల్లు చేసేసింది. అలిగి అటు తిరుగుదామంటే ఎడమవైపే పడుకోవాలన్నారు, ఎడమవైపే వదిన కూర్చుంది. కళ్ళు మూసుకోవడం తప్ప గత్యంతరం లేకపోయింది.

కాసేపటికి మెల్లగా అడిగింది. "నాలుగో స్లైడు అసలెందుకు పెట్టావు?"

"ఎందుకంటే, మొదటి పరీక్ష గట్టెక్కని పిల్లలందరికీ చెవుడు అనుకుంటారు కమిటీ వాళ్ళు. చెవిలో ఉమ్మనీరు మిగిలినా మిషను ఫలితం సరిగా చూపించదు. వాళ్ళు మళ్ళీ పరీక్ష చెయ్యాల్సిన పిల్లలు, అంతే. ఆ తేడా చెప్పకపోతే అంకె చూసి హడలిపోతారు" అన్నాను, కళ్ళు తెరవకుండానే.

"అది రాయి. ఇప్పుడు నువ్వు చెప్పింది."

కళ్ళు తెరిచాను. వదిన నవ్వడం లేదు. నేను ఎలా మాట్లాడతానో రాశాను గానీ, ఎందుకు మాట్లాడుతున్నానో రాయలేదు. నేను రాసింది నా కోసం, వదిన కోసం కాదు.

ఆ రాసిందంతా తీసేశాను. ఒక్కో స్లైడు కింద అది ఎందుకుందో, కమిటీ చెవిన తప్పకుండా పడాల్సిన మాట ఏదో, అక్కణ్ణించి తరవాతి దానికి ఎలా వెళ్ళాలో, అంతే రాశాను. అంకెలున్న చోట అవి ఎక్కడివో, ఎప్పటివో పెట్టాను. గీతలు ఎగిరొచ్చే హంగులన్నీ పీకేశాను, ఒక్క నొక్కుకి ఒక్క స్లైడు. సమయం తగ్గిస్తే మూడూ అయిదూ వదిలెయ్, నాలుగూ ఏడూ మాత్రం వదలకు అని మొదట్లోనే రాశాను. వాళ్ళు అడగబోయే ప్రశ్నలూ జవాబులూ చివర్లో వేశాను. తెలియనిది అడిగితే, "నాకు తెలియదండీ, కనుక్కుని సాయంత్రానికి పంపిస్తాం" అను, ఊహించి చెప్పకు అని కూడా.

ఏడో స్లైడు దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ ఒక్క ఫోటో, అక్షరం లేదు. చెవి మిషను పెట్టిన పసిపిల్ల తల్లి భుజం మీదనుంచి తల తిప్పి చూస్తుంటుంది. మిషను పెట్టిన రోజు తల్లి పిలిస్తే మొదటిసారి అలా తిరిగింది. ఆ ముక్క చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ ఏడుపొస్తుంది. నా ఏడుపు వదిన ఏడవలేదు కదా. చాలాసేపు ఆలోచించి రాశాను: "ఈ పిల్ల నీకూ తెలుసు. ఇక్కడ నీ మాట."

గురువారం మా ఆయన నా ఫోనుని మీటింగు లైనుకి కలిపి, స్పీకరులో పెట్టి, దిండు పక్కన ఉంచి ఆఫీసుకి వెళ్ళాడు. నా వైపు గొంతు వినపడకుండా కట్టేశాడు. మంచి పనే చేశాడు. ఎందుకంటే కమిటీ ఛైర్మన్ గారు మొదలుపెట్టడమే, "ఆలస్యమైందండీ, సగం టైములో కానివ్వండి" అన్నారు. నేను అరిచిన అరుపుకి వంటింట్లోంచి అత్తగారు పరిగెత్తుకొచ్చారు.

వదిన కంగారుపడలేదు. మూడు వదిలింది. నాలుగు చెప్పింది, నా మాటల్లో కాదు, తన మాటల్లో, ఇంకా తేలిగ్గా. అయిదు వదిలింది. ఏడు దగ్గరకొచ్చేసరికి నేను ఫోను చెవికి ఆనించుకున్నాను.

"ఈ పాప ఫోటో మా మరదలు తీసింది. ఇది అప్పుడు. పాప ఇప్పుడు నా దగ్గరికి వస్తోంది. నిన్న వాళ్ళమ్మ బయట చెప్పులు విప్పుతుంటే, కనబడకుండానే, ఆ చప్పుడు విని 'అమ్మ' అంది. వ్యాను వాళ్ళ వీధికి రాకపోయుంటే ఈ పాప నా దగ్గరికి మాటలు నేర్చుకునే వయసు దాటాక వచ్చేది. అలా వచ్చిన పిల్లలు కూడా ఉన్నారు నా దగ్గర. వాళ్ళతో ఎంత కష్టమో నాకు తెలుసు."

ఆ 'అమ్మ' సంగతి నాకు తెలియదు. ఆ పిల్ల కథ నా ఫోటోతో అయిపోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఛైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు. "అంతా బాగుందమ్మా. కానీ ఇది మీ మరదలొక్కావిడ పట్టుదల మీద నడుస్తోందని విన్నాం. ఆవిడ లేకపోతే?"

ఈ ప్రశ్న నా నోట్సులో లేదు.

"ఇవాళ ఆవిడ లేరు కదండీ" అంది వదిన. "వ్యాను పొద్దున్నే వెళ్ళింది. పరీక్షలు జరుగుతున్నాయి. ఇక్కడ నేను మాట్లాడుతున్నాను."

ఎవరో చిన్నగా నవ్వారు. తరవాత కుర్చీలు కదిలిన చప్పుడు, ఛైర్మన్ గారి గొంతు. వ్యాను ఆగదన్నారు.

సాయంత్రం వదిన వచ్చి, చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ కూలబడింది. "కాళ్ళు ఒకటే వణుకు. బల్ల అడ్డుంది కాబట్టి పరువు దక్కింది. అది సరే, అన్నీ రాశావు, ఆ చివరి ప్రశ్న ఎందుకు రాయలేదు?"

"నేను లేకపోయినా నడుస్తుందని నాకెప్పుడూ తోచలేదు వదినా." చెప్తుంటే ఏడుపొచ్చింది. సంతోషమూ ఉంది, కాస్త ఉక్రోషమూ ఉంది. దాచుకోలేదు.

వదిన నా పొట్ట మీద చెయ్యి వేసింది. లోపల కదలిక తెలిసినట్టుంది, గొంతు తగ్గించింది.

"అక్కడ నీ బదులు నేను నిలబడగలను పిల్లా. ఇక్కడ నీ బదులు ఎవరూ రాలేరు. పడుకో."

డాక్టరు చెప్పినట్టే ఎడమవైపు తిరిగి పడుకున్నాను. వదిన అటువైపే కూర్చుంది.