పెట్టెల వెనక కూర్చున్న పెళ్లికొడుకు

నేను ఒక అద్దె మైకును. ఢిల్లీలో పుట్టి, తణుకులో ఒక టెంటుహౌసువాళ్ల చేతిలో పడ్డాను. అలసిపోయానండీ. పెళ్లయినా సంతాపసభయినా మొదట నన్ను వేలితో టకటకా కొడతారు. తరవాత "రెండే మాటలు" అంటారు. ఆ రెండు మాటలు అయ్యేసరికి సాంబారు చల్లారిపోతుంది.

ఆ రోజు పిండిమర వీరభద్రంగారి షష్టిపూర్తి. పొద్దున హోమం, కలశాల నీళ్లతో స్నానం, మళ్లీ తాళి కట్టడం అన్నీ అయ్యాయి. ఆయనా, భార్య మంగతాయారూ దండలతో వేదిక మీద కూర్చున్నారు. ముప్పై ఏళ్లు మర హోరులో నిలబడి ఆయన చెవులు మందగించాయి. చెవికి మిషను పెట్టుకోమంటే "మళ్లీ మర తిరుగుతున్నట్టుందే" అని తీసేస్తారట. అరిచి చెప్పే ఓపిక లేక ఇంట్లో అందరూ ఆయనతో మాటలు తగ్గించేశారు.

బావమరిది ఆయన్ను పొగుడుతానని లేచి, తన గొప్పలు చెప్పుకుని కూర్చున్నాడు. అప్పటికే సగం మంది కళ్లు భోజనాల వైపున్నాయి. అప్పుడు కూతురు కాత్యాయని నన్ను అందుకుంది. అరచెయ్యి తడిసి ఉంది. పెద్దలకు నమస్కారం చెప్పి, వచ్చినవాళ్లకీ వంటవాళ్లకీ కృతజ్ఞతలు చెప్పి, కథ మొదలుపెట్టింది.

"ఇంటర్లో ఫిజిక్సు పోయింది. ఏడుస్తూ మర దగ్గరికెళ్లాను. నేను చెప్పేది నాన్నకి వినబళ్లేదు. నా మొహం చూశారు. డబ్బాలతో జనం నిలబడుండగానే మర ఆపేసి, 'ఇప్పుడు చెప్పమ్మా' అన్నారు."

ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. వీరభద్రంగారు మాత్రం ఎందుకో హాయిగా నవ్వారు. కాత్యాయని కథ ఆపి ఆయన వైపు చూసింది. నాకు అప్పుడే అర్థమైంది. గౌరవమని ఆయన్ను వేదిక మీద కూర్చోబెట్టారు గానీ, సౌండు పెట్టెలు రెండూ జనం వైపు తిరిగి ఉన్నాయి. ఊరందరికీ వినబడుతోంది ఆ మాట, ఆయనకు తప్ప!

"నాన్నా, కిందికి రండి. ఇక్కడ, పెట్టె ముందు కూర్చోండి."

"అదేంటే! దండలతో దిగకూడదు," అంది మేనత్త.

"వడ్డన మొదలెట్టేశారు," అన్నాడు బావమరిది.

"ఆపమనండి మావయ్యా," అంది కాత్యాయని. తండ్రి చెయ్యి పట్టుకుని తనే దించింది. నేను పెట్టెకు దగ్గరై కీచుమన్నాను. కాత్యాయని దూరంగా జరిగి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

"మర ఆపారు" దగ్గర ఆయన తల వంచుకున్నారు.

"ఆ రోజు మీరు విన్నారు కాబట్టే మళ్లీ రాశాను నాన్నా. ఇంట్లో అరుస్తూ చెప్పే మాట కాదిది. అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు."

అంతటితో అయిపోయిందనుకుని జనం లేచారు. నేనూ హమ్మయ్య అనుకున్నాను. వీరభద్రంగారు చెయ్యి చాచి నన్ను తీసుకున్నారు. ఎక్కడ పట్టుకోవాలో తెలీక నా తలే పట్టుకున్నారు.

"విన్నానమ్మా," అన్నారు. నన్ను మళ్లీ ఆమెకే ఇచ్చేశారు. "ఏదో ఒకటి, ఇంకొంచెం మాట్లాడు."

మాట్లాడింది. సాంబారు చల్లారిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి నాకు తొందరనిపించలేదు.