నెలకు తొమ్మిది వేలు

తమ ఇంట్లో నెలనెలా తొమ్మిది వేలు మాయమవుతున్నాయని ఆమె ఆదివారం ఉదయం కనిపెట్టింది.

మర్నాడే ఆర్థిక సలహాదారుతో మొదటి భేటీ. ఆస్తులు, అప్పులు, లక్ష్యాలు, నెలవారీ రాబడి, ఖర్చులు ముందే ఈమెయిల్లో పంపమన్నాడు ఆయన. లక్ష్యం కింద ఆమె ఒక్కటే రాసింది: ఉద్యోగం మానేసి సొంత కుట్టు దుకాణం. కానీ ఇంటి అప్పు తీరాకే అని ఎప్పుడో శపథం పట్టింది. రాబడిలోంచి ఖర్చులు తీసేస్తే మిగలాల్సిన ఆ తొమ్మిది వేలు ఏ పొదుపులోనూ లేవు. పోతున్నది భర్త జీతం ఖాతాలోంచి.

“ఏమండీ, ఎవరికైనా చేబదులు ఇస్తున్నారా?”

“నాకంత దగ్గరి స్నేహితులెక్కడ ఏడిశారే?” అన్నాడు భర్త, ఉల్లిపాయలు తరుగుతూ.

“మరి ఆ కన్నీళ్లేంటి?”

“ఉల్లిపాయలవి.”

ఆమె నమ్మలేదు. అప్పుల దగ్గర, లోను తీసుకున్న నాడు బ్యాంకు ఇచ్చిన వాయిదాల పట్టికలో ఈ నెలకు మిగలాల్సిన బాకీ చూసి ఎనిమిది లక్షల పదివేలని రాసింది. సలహాదారు ఆ లోను తాజా స్టేట్‌మెంటు కూడా జతచేయమన్నాడు కదా అని అదీ తెరిచింది. అందులో బాకీ నాలుగు లక్షల నలభై వేలే. రెండుసార్లు చదివి, లాప్‌టాప్‌ను అతని వైపు తిప్పింది.

అతను కత్తి పక్కన పెట్టాడు.

“నేనే. మూడేళ్లుగా ఈఎంఐ కాక నెలకు తొమ్మిది వేలు అసలుకు కడుతున్నా. అసలు తగ్గేకొద్దీ వడ్డీ కూడా తగ్గింది. చెబితే ముందు ఫ్రిజ్ మారుద్దాం అంటావని నోరు మూసుకున్నా. ఇలాగే కడితే రెండేళ్లు తిరక్కుండా తీరిపోతుంది. దుకాణం ఎప్పుడో కూడా ఆ లక్ష్యం పక్కన రాసెయ్.”