చేతులకు తొంభై రోజులు

ఆ వర్క్‌షాపులో కత్తెర ఒక్కటే. దాన్ని పట్టుకునే హక్కూ ఒక్కరిదే. అత్తగారు కాన్వాసు గుడ్డను బల్ల మీద పరిచాక, కోడలు కొలతల కాగితం తీసి పైకి చదవాలి. వెడల్పు ఇంత, లోతు ఇంత, పట్టీ ఇంత. చదవడం అయ్యాక అత్తగారు "ఇంకోసారి" అంటుంది. రెండోసారీ అవే అంకెలు వస్తేనే కత్తెర కదులుతుంది. ఆరేళ్ళుగా కోడలు చదువుతూనే ఉంది. కత్తెర మాత్రం ఆమె చేతికి రాలేదు.

అత్తగారు గుడారాల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడితే ఇంటి కింది గదిలో మిషను వేసుకుని, వీపుకు తగిలించుకునే సంచులు కుట్టడం మొదలుపెట్టింది. గోడకు ఒక ఇనుప కొక్కెం, దానికి ఆమె కుట్టిన మొదటి సంచీ, సంచీలో ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా. అది ఆరేళ్ళుగా అలాగే వేలాడుతోంది. పట్టీ ఊడలేదు. ఎవరైనా సరుకు గట్టిదేనా అని అడిగితే ఆవిడ నోరు విప్పదు, గోడకేసి చూపిస్తుంది.

ఇంత గొప్ప సరుకు వీధి చివర దుకాణం దాటి పోలేదు. అందుకే కోడలు ఫోన్లో పేజీ తెరిచి, ఫోటోలు పెట్టి, చివరికి అత్తగారిని ఒప్పించి, రెండో మిషను కోసం దాచిన నలభై అయిదు వేలూ మొదటి పెద్ద ప్రచారానికి తీసింది. ఆ డబ్బు నీళ్ళపాలైతే రెండో మిషనూ ఉండదు, కోడలి మాటకు విలువా ఉండదు. అత్తగారు ఆ మాట అననే లేదు. అననందుకే కోడలికి ఎక్కువ భయం.

పిలిచింది సైకిలమ్మాయిని. రోజూ సైకిల్ మీద ఆఫీసుకు వెళ్తూ ఆ దారీ, ఆ వానా, ఆ తంటాలూ వీడియోలు తీసి పెడుతుంది. లక్షా ఇరవై వేల మంది చూస్తారు. పైగా నెల రోజుల క్రితం వీళ్ళ సంచీని తన డబ్బుతోనే కొనుక్కుని, జోరువానలో తిరిగి, "లోపల కాగితం కూడా తడవలేదండీ" అని ఒక చిన్న వీడియో పెట్టింది. ఎవరూ అడక్కుండా పెట్టింది.

ఆ మధ్యాహ్నం ఆమె మేనేజర్‌తో పాటు వర్క్‌షాపుకు వచ్చింది. కుర్చీలు రెండే కాబట్టి కోడలి భర్త గుడ్డల చుట్ట మీద కూర్చున్నాడు. మేనేజర్ కుర్రవాడే గానీ మాట మహా పొదుపు. ట్యాబ్లెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"రేట్ల కంటే ముందు ఇది చూడండి" అన్నాడు.

తెర మీద సైకిలమ్మాయి ముఖం, కింద వీళ్ళ బ్రాండ్ పేరు, పక్కనే 'ప్రకటన' అన్న మాట. వానలో తీసిన ఆ వీడియోనే. ఎవరో దించుకుని, వీళ్ళ పేజీలో పెట్టి, డబ్బు కట్టి మూడు వారాలుగా తిప్పుతున్నారు.

ఆ ఎవరో గుడ్డల చుట్ట మీదే ఉన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకముందే, "ఆవిడే పొగిడారు కదా, నలుగురికీ తెలుస్తుందని..." అని గొణిగాడు. చెయ్యి అతనిదే, నిజం. కానీ 'పెట్టేయండి' అన్న నోరు కోడలిది. పొగడ్త బహిరంగంగా ఉంటే అందరిదీ అనుకుంది. చెట్టు కొమ్మ రోడ్డు మీదికి వంగితే పండు మనదే అనుకునే రకం తెలివి!

"నేను మెచ్చుకోవడం వేరండీ" అంది సైకిలమ్మాయి, కోపం లేకుండానే. "నా ముఖం పెట్టి మీరు అమ్ముకోవడం వేరు. అది నా పేజీలో ఉంటే నా అభిప్రాయం. మీ ప్రకటనలో ఉంటే నేను మీ దగ్గర డబ్బు తీసుకున్నట్టు అవుతుంది. నిన్న ఒకామె అడిగింది, ఎంతిచ్చారని."

అత్తగారు మిషను దగ్గర్నుంచి తల తిప్పి కొడుకునీ కోడలినీ ఒకసారి చూసింది. ఆ చూపు చాలు.

"తప్పు మాదే" అంది కోడలు. "ఇప్పుడే తీసేయండి" అని భర్తకు చెప్పింది. అతను అక్కడికక్కడే తీసేశాడు.

ఇక బేరం మొదలైంది. తప్పు దొరికిపోయాక బేరమాడటం తడిసిన కట్టెతో పొయ్యి రాజేయడమే. మేనేజర్ వరసగా చెప్పాడు. ఒక రీలు, మూడు స్టోరీలు కలిపి నలభై వేలు. ఆ రీలును వీళ్ళు ప్రకటనగా వాడుకోవాలంటే నెలకు పదిహేను వేలు విడిగా. రెండు నెలల పాటు ఆమె మరో సంచుల కంపెనీతో పనిచేయకూడదంటే ఇంకో పది. ఇప్పటికే వాడేసిన మూడు వారాలకు పది.

డెబ్బై అయిదు వేలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"కాగితం ఉందా?" అంది అత్తగారు. మనుషులు వచ్చాక ఆవిడ మాట్లాడటం అదే మొదలు.

"ఒప్పందం ముసాయిదా ఉందండీ. అంతా మామూలుదే, స్టాండర్డు."

"చదువమ్మాయ్."

కోడలు ట్యాబ్లెట్ అందుకుంది. గుడ్డ కొలతలు చదివే గొంతుతోనే మొదలుపెట్టింది. రీలు తొంభై సెకన్లు. పెట్టే ముందు రెండు రోజులు గడువిచ్చి చూపిస్తారు. మార్పులు ఒకసారే. 'డబ్బు తీసుకుని చేసిన ప్రచారం' అన్న గుర్తు తప్పకుండా ఉంటుంది. సగం డబ్బు సంతకం రోజున, సగం రీలు పెట్టాక. మేనేజర్ వాచీ చూసుకున్నాడు. భర్త గుడ్డల చుట్ట మీద సర్దుకున్నాడు. ఇదంతా పైకి చదవడం ఎందుకో వాళ్ళిద్దరికీ అర్థం కాలేదు.

"తొమ్మిది. వర్క్‌షాపులో చిత్రీకరించినదంతా క్రియేటర్, అంటే వీడియో చేసేవారి, సొంతం. పనివాళ్ళు, పని, చేతులు సహా. దాన్ని ఎక్కడైనా, ఎవరి కోసమైనా, ఎప్పటికైనా వాడుకోవచ్చు."

"ఇంకోసారి" అంది అత్తగారు.

కోడలు మళ్ళీ చదివింది. రెండోసారి చదువుతుంటే ఆమెకే తట్టింది. అంకెలన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకున్న మనిషి ఈ వాక్యాన్ని కళ్ళతో అయితే దాటేసేది. నోటితో దాటలేకపోయింది.

"మీ రీల్లో ఏం చూపిస్తారు?" అని అడిగింది సైకిలమ్మాయిని.

"మీ అత్తగారు పట్టీ కుట్టడం. అదే అసలు కథ. పట్టీ అతికే చోట చతురస్రంగా కుట్టి, మధ్యలో అడ్డంగా దాటించి, మళ్ళీ మైనం దారంతో చేత్తో బిగిస్తారు చూడండి, అది."

"రేపు ఇంకో సంచుల కంపెనీ మిమ్మల్ని పిలిచిందనుకోండి. ఈ కాగితం ప్రకారం వాళ్ళ ప్రకటనలో మా అత్తయ్య చేతులు పెట్టొచ్చు. అంతేనా?"

మేనేజర్ నోరు తెరిచాడు. "అది ఫార్మాలిటీ అండీ, ఎవరూ అలా..."

"మేమూ అలాగే అనుకున్నాం, ఈ వీడియో దించుకున్నప్పుడు" అంది కోడలు.

ఆమె ట్యాబ్లెట్‌ను బల్ల మీద పెట్టింది. "మీ ముఖం మా దగ్గర నెల ఉంటే పదిహేను వేలు. న్యాయమే. మరి మా అత్తయ్య చేతులు మీ దగ్గర ఎప్పటికీ ఉండటానికి ఎంత?"

సైకిలమ్మాయి మేనేజర్ కేసి చూసింది. తరవాత ఒక్కసారిగా నవ్వేసింది. "నువ్వు మాట్లాడకు" అంది అతనితో. "ఒక కంపెనీ నా ముఖాన్ని రెండేళ్ళు వాడుకుంటే నేను ఎంత ఏడ్చానో నీకు తెలుసు. ఆ తరవాతే కదా ఈ కాగితం రాయించాం. నా ముఖం ఒక్కటే చూసుకున్నాం."

అక్కడినుంచి బేరం బేరంలా సాగింది. కోడలు ఒక్కొక్కటీ విడదీసింది. స్టోరీ ఒక్కోటీ అయిదు వేలని తేలింది కాబట్టి రెండు తగ్గించి, రీలూ ఒక స్టోరీ ఉంచింది. ముప్ఫై వేలు. గడిచిన మూడు వారాల పదివేలూ మాఫీ చేస్తానని సైకిలమ్మాయే అనబోతే, అత్తగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా. వాడుకున్నాం, ఇస్తాం. మా సంచీ ఎవరికీ బాకీ పడి తిరగకూడదు."

నలభై. ఇక ముందు ప్రకటనల సంగతి. "మార్పిడి చేసుకుందాం" అంది కోడలు. "తొంభై రోజులు మీ రీలు మా ప్రకటనల్లో. అదే తొంభై రోజులు మా అత్తయ్య చేతులు మీ పేజీలో, మీ ఇతర వీడియోల్లో. ఇంకో కంపెనీ కోసం మాత్రం ఒక్క రోజు కూడా కాదు. గడువయ్యాక మీ పేజీలో రీలు ఉంటుంది, కొత్తగా వాడటం ఇద్దరికీ బంద్. ఇంకా కావాలంటే ఇద్దరం మళ్ళీ కూర్చుందాం."

"అలాగైతే మూడు నెలలకు నలభై అయిదు వేల హక్కు మీకు ఉచితంగా వచ్చినట్టే" అన్నాడు మేనేజర్, పని మర్చిపోకుండా.

"ఉచితం ఎక్కడిది?" అంది సైకిలమ్మాయి. "చేతులు చూడు."

అందరూ చూశారు. చూపుడువేలి మీద దారం కోసిన గాడి, బొటనవేలి గోరు పక్క గట్టిపడిన చర్మం. అత్తగారు సిగ్గుపడి వాటిని చీర కొంగులో దాచుకుంది. ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు ఆ చేతుల్ని ఎవరూ అలా చూడలేదు.

"ఇంకొకటి మిగిలింది" అన్నాడు మేనేజర్. "రెండు నెలలు వేరే సంచుల ప్రచారం చేయకూడదన్న షరతు. అయిదు వేలకు నెల రోజులు ఇవ్వగలం."

సరిగ్గా అయిదు వేలే మిగిలాయి. కోడలు అవునందామనుకుంది. అత్తగారు గోడకు వేలాడే డబ్బాకేసి చూపించింది.

"ఏ సంచీ అయినా చూపించుకోనీ. పక్కన పెట్టి చూసినా మనదే నిలబడుతుంది. ఆ అయిదు వేలు ఉంచు."

సైకిలమ్మాయి లేచి వెళ్ళి ఆ సంచీని రెండు చేతులా ఊపి చూసింది. అది కదిలిందే గానీ, పట్టీ మూలగలేదు. "ఈ షాటుతోనే మొదలుపెడతాను" అంది.

మార్చిన కాగితాన్ని కోడలు మళ్ళీ మొదటినుంచీ చదివింది, రెండుసార్లు. ఈసారి మేనేజర్ వాచీ చూసుకోలేదు, తనూ వేలు పెట్టి వెంట చదివాడు. సంతకం దగ్గరికి వచ్చేసరికి కోడలు పెన్ను అత్తగారి వైపు జరిపింది. వర్క్‌షాపు ఆవిడది, చేతులు ఆవిడవి.

అత్తగారు చేతుల గురించిన వాక్యం పక్కన తన పేరు రాసింది. బ్రాండ్ తరఫున సంతకం చేసే చోటు ఖాళీగా వదిలి, పెన్ను వెనక్కి జరిపింది.

"అది నీది. కొలత చదివింది నువ్వు."

కోడలు సంతకం చేసింది. వాళ్ళు షూటింగు తేదీ ఖాయం చేసుకుని వెళ్ళిపోయారు. భర్త వాళ్ళను సాగనంపే వంకతో బయటపడి, తల్లి కంటికి కాసేపు దొరకలేదు.

అత్తగారు బీరువాలోంచి కొత్త కాన్వాసు తీసి బల్ల మీద పరిచింది. రీల్లో చూపించబోయే సంచీ అదే. కోడలు అలవాటు ప్రకారం కాగితం అందుకుంది. అత్తగారు ఆ కాగితాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుంది.

"వెడల్పు పదమూడు అంగుళాలు" అని చదవడం మొదలుపెట్టింది. పూర్తిగా చదివి, కోడలు ఏమంటుందా అని ఆగింది.

"ఇంకోసారి అత్తయ్యా" అంది కోడలు.

అత్తగారు ఇంకోసారి చదివి, కత్తెర పిడి కోడలి వైపు తిప్పి ఇచ్చింది.