ఆఖరి పనిదినం

చంద్రిక సంగటి ముద్ద ముట్టలేదు. క్యాంటీన్ కిటికీలోంచి పైఅంతస్తు ఆఫీసు గది కనబడుతుంటే చూపు అటే పోతోంది. పొద్దున ఆ గదిలోనే రాజీనామా ఇచ్చి వచ్చింది. కూతురి నర్సింగ్ ఫీజు నలభై ఐదు వేలు మూడు నెలల్లో కట్టాలి. బెంగళూరు పీన్యాలో కుట్టుపని చేసే ఆడవాళ్లకి డబ్బు కావాలంటే తెలిసిన దారి ఒకటే. మానేయడం, రెండు నెలలు ఇంట్లో కూర్చుని పీఎఫ్ మొత్తం తీసుకోవడం, మళ్లీ అదే మిషను ముందుకి రావడం.

కంపెనీ తన డబ్బు మింగుతోందని కూడా ఆమెకి అనుమానం. తన జీతంలోంచి నెలకి పన్నెండు వందలు పీఎఫ్‌కి పోతుంటే, ఫోన్లో చూసే పాస్‌బుక్‌లో కంపెనీ వాటా మూడు వందల అరవై ఏడేనట.

పక్కన తింటున్న, యూనియన్ పనులు చూసే గిరిజ ఆమె ఫోను అందుకుని, మిగతా ఎనిమిది వందల ముప్పై మూడు పక్క గడిలో పెన్షన్‌కి పోతోందని చూపించింది. తర్వాత చంద్రికకి ఆమె పాత పీఎఫ్ ఖాతా కూడా తెరిచి చూపించింది. చెల్లి పెళ్లికని ఇలాగే మానేసి డబ్బంతా తీసేసుకున్న ఖాతా అది. ఆఖరి ఏడాది వడ్డీ, కంపెనీ ఏడాదంతా వేసినదాని కన్నా ఎక్కువ పడింది. దాని కింద రెండు వాటాలూ తీసేసిన వరుస. ఆ తర్వాత ఏమీ లేదు.

"దీన్ని అక్కడే చంపేశావు," అంది గిరిజ. "ఇప్పటి దానికి ఏడేళ్లు నిండి రెండు నెలలైంది. ఏడేళ్లు నిండితే, పిల్ల పైచదువుకి నీ వాటాలో సగం తీసుకోవచ్చే తల్లీ, మానక్కర్లేదు. యాభై మూడు వేలు వస్తాయి. మిగతాదానికి వడ్డీ పడుతూనే ఉంటుంది."

"మరి ఎవరూ చెప్పలేదేంటక్కా?"

"నువ్వు అడిగితేగా. ముందు పైకి పో. కంప్యూటర్లో నీ ఆఖరి పనిదినం తేదీ ఎక్కించేస్తే మళ్లీ మొదటి నుంచే."

ఆమె పైకెళ్లి రాజీనామా వెనక్కి తీసుకుంటానంది. మేనేజరు మహదేవస్వామి ఆ కాగితం మీద సంతకం పెట్టేశానని, రెండు నెలలాగి వస్తే చేర్చుకుంటామని, అందరూ చేసేదేగా అని తేలిగ్గా అన్నాడు. కొత్తగా చేరితే పాత సర్వీసు లెక్కలోకి రాదని, గ్రాట్యుటీ మొదలుకొని అన్నీ మళ్లీ మొదటికొస్తాయని ఆమె అంది. భోజనాల వేళ అయిపోయి గంట కొట్టేశారని ఆయన గుర్తు చేశాడు.

"కొట్టనీండి సార్. అరపూట జీతం కోసుకోండి."

కింద మిషన్లు మొదలయ్యాయి. సూపర్‌వైజరు రెండుసార్లు కబురు పంపాడు. ఆమె కదల్లేదు. చివరికి మహదేవస్వామి విసుగ్గా తన సంతకం మీద అడ్డంగా గీత కొట్టేసి, రాజీనామా కాగితం ఆమె ముందుకి తోశాడు.

చంద్రిక దాన్ని తీసుకుంది కానీ వెళ్లలేదు.

"కంప్యూటరు ఇటు తిప్పండి సార్. నా పేరుకెదురుగా ఆఖరి తేదీ ఖాళీగా ఉందో లేదో చూసుకుని పోతాను."