స్కోర్‌బోర్డు మీద అరవై ఒకటి

మా అత్తగారికి నా ఉద్యోగం మీద నమ్మకం లేదు. ఆ మాట నా ఎదురుగానే చెబుతుంది, కూరలు తరుగుతూ. పదకొండేళ్ళుగా ప్రోగ్రాములు రాస్తున్నా ఆవిడ లెక్కలో నేను చేసేది టైపింగే. "మా కోడలు ఆఫీసులో టైపు కొడుతుంది" అని ఇరుగుపొరుగు అందరికీ చెబుతుంది. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత విసుగొచ్చి ఊరుకున్నాను.

అలాంటి మనిషి పోయిన నెల నా గదిలోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, "అమ్మాయ్, నాకో ప్రోగ్రామ్ కావాలి" అంది. కుర్చీలో ఉన్నాను కాబట్టి సరిపోయింది గానీ, నిలబడి ఉంటే కూలబడేదాన్నే.

మా వీధి చివర ఈతకొలను ఉంది. అరవై దాటినవాళ్ళకు ఏటా అక్కడ పోటీ పెడతారు. ఆ చివర నుంచి ఈ చివరకు, పాతిక మీటర్లు. పోయినేడు మా అత్తగారూ, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌గారూ ఒక్కసారే గోడ తాకారు. కోచ్ స్టాప్‌వాచ్ నొక్కి హెడ్‌మిస్ట్రెస్‌గారే గెలిచారన్నాడు. ఈ కోచ్ చిన్నప్పుడు ఆవిడ బడిలోనే చదివాడు. నలభై ఏళ్ళొచ్చినా ఆవిడ ఎదురైతే చేతిలో ఉన్నది వీపు వెనక్కి దాచేస్తాడు.

"ఆవిడంటే భయం వాడికి! ఆవిడ గోడ దగ్గరకు రాకముందే వాడి వేలు నొక్కేసింది" అని అత్తగారు ఏడాది పొడుగునా సాధించింది. అన్నం వడ్డిస్తూ అదే మాట, బట్టలు మడతపెడుతూ అదే మాట. ఓడిపోయినందుకు కాదట, ఎవరు గెలిచారో ఎప్పటికీ తెలియకుండా పోయినందుకట.

ఆ కొలను గోడకు పలకలు బిగించి ఉన్నాయి. ఈదేవాళ్ళ చెయ్యి తగలగానే సెకనులో వందో వంతు దాకా సమయం పట్టేస్తాయి. ఆ సమయాన్ని స్కోర్‌బోర్డు మీద చూపించే ప్రోగ్రామే లేదు. అది నేను రాయాలి. "నువ్వు టైపు కొట్టేది ఇలాంటివాటికి పనికొస్తుందటగా, మావాడు చెప్పాడు" అంది అత్తగారు. మా ఆయన తలుపు వెనక నిలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు సంగతి తర్వాత చూసుకున్నాను.

రాశాను. పోటీకి వారం ముందు రిహార్సల్ చేస్తే చక్కగా నడిచింది. కొలను చూసుకునే పెద్దాయన పలకలు చేత్తో తడితే బోర్డు మీద అంకెలు టకటకా పడ్డాయి. పెద్దాయన పంపులు, తాళాలు, కంప్యూటరు అన్నీ ఒక్క చేతిమీద నడిపిస్తాడు. ఆ కంప్యూటరుకు అట్టముక్క కట్టి, దాని మీద ఎర్ర సిరాతో "అప్‌డేట్ చేసినవాళ్ళను నీళ్ళలో తోసేస్తాను" అని రాసిపెట్టాడు. ఉత్త బెదిరింపు కాదది. రెండేళ్ళ కిందట ఎవరో తెలివైనవాడు అందులో ప్రోగ్రాములు నడిపించే జావాను తీసి కొత్తది వేశాడట. పలకలతో మాట్లాడే ప్రోగ్రాము ముక్క, మా భాషలో లైబ్రరీ, పాత జావాతో తప్ప పనిచెయ్యదు. అది తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. నెల రోజులు పలకలు మూగనోము పట్టాయట.

ఇంతలో నా పాత ల్యాప్‌టాప్ కన్నుమూసింది. కొత్తది కొన్నాను. పోటీకి ముందు రోజు సాయంత్రం అత్తగారు మళ్ళీ వచ్చి కూర్చుంది.

"అమ్మాయ్, బోర్డు మీద ఉత్త అంకెలేనా? పేర్లు రావాలి. నా పేరు చుట్టూ నక్షత్రాలు రావాలి. కింద మూడు వరుసల్లో ఏదైనా మంచి మాట."

"మీ ఒక్కరికే నక్షత్రాలేంటత్తయ్యా? బాగుండదు."

"సరే, అందరికీ పెట్టు. నావి కాస్త ఎక్కువ పెట్టు."

పెట్టాను. కొత్త ల్యాప్‌టాప్ కదా, కొత్త జావా కదా, ఒళ్ళు మరిచిపోయి అందులోని కొత్త సౌకర్యాలన్నీ వాడేశాను. ఒకే మాటతో ఇరవై నక్షత్రాలు వచ్చే ఏర్పాటొకటి, మూడు వరుసలను మూడు కొటేషన్ గుర్తుల మధ్య అలాగే రాసేసే వీలొకటి. ల్యాప్‌టాప్‌లో ముద్దొచ్చేలా నడిచింది. ఇక అక్కడ చూసేదేముందిలే అనుకున్నాను. పోటీ రోజు పొద్దున్నే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి, పాత ఫైలు మీదే కొత్త ఫైలు పడేశాను. పదకొండేళ్ళ అనుభవం ఉన్న మనిషిని, పాతది పక్కన దాచాలని కూడా తోచలేదు. నన్ను నేనే తిట్టుకోవాలి.

బోర్డు చివరి పోటీకే అనుకున్నాం కాబట్టి మిగతావి స్టాప్‌వాచ్‌తోనే అయిపోయాయి. అందరూ ఎదురుచూస్తున్నది చివరిదాని కోసమే. ఆరుగురు ఆడవాళ్ళు టోపీలు పెట్టుకుని గట్టు మీదకు వచ్చారు. మూడో లేన్‌లో హెడ్‌మిస్ట్రెస్‌గారు, నాలుగో లేన్‌లో మా అత్తగారు. పెద్దాయన కంప్యూటరు తెరను స్కోర్‌బోర్డుకు కలిపాడు. నేను ప్రోగ్రామ్ నడిపాను.

పేర్లు రాలేదు. నక్షత్రాలు రాలేదు. బోర్డు నిండా ఇంగ్లీషు వరుసలు దిగబడ్డాయి.

కోచ్ చేతిలో మైకుంది. బోర్డు మీద ఏం పడితే అది చదవడం అతని పని కాబోలు, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్! ఇక్కడున్న జావా కన్నా కొత్తదానితో తయారైందట. దీనిదేమో అరవై ఒకటి. ఇక్కడ యాభై రెండు వరకే గుర్తిస్తారట!"

జనం గొల్లుమన్నారు. అత్తగారికి ఈమధ్యే అరవై ఒకటి నిండింది.

"అదేమిట్రా!" అని గట్టు మీంచే కేకేసింది. "అరవై దాటినవాళ్ళ పోటీ పెట్టి యాభై రెండు వరకే గుర్తించడమేమిటి? ఎవరు రాశారా నిబంధన?"

"అది మీ వయసు కాదత్తయ్యా! ఫైలుది!" అని నేనూ అరిచాను.

"ఫైలుకు అరవై ఒకటేమిటే, నిన్న రాత్రేగా పుట్టింది!"

ఆ మాటకు నా దగ్గర సమాధానం ఉంది గానీ చెప్పే తీరిక లేదు. మనం రాసిన ప్రోగ్రామ్‌ను కంపైలర్ అనే సాధనం జావా నడపగలిగే క్లాస్ ఫైలుగా మారుస్తూ దాని మొదట్లోనే ఒక అంకె వేస్తుంది. జావా పదిహేడుతో తయారైతే అరవై ఒకటి, జావా ఎనిమిదితో అయితే యాభై రెండు. నడిపే జావా ముందు ఆ అంకె చూస్తుంది. తనకు తెలిసినదైనా అంతకంటే చిన్నదైనా రానిస్తుంది, పెద్దదైతే గుమ్మంలోంచే పంపేస్తుంది. నా పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎనిమిది, అందుకే రిహార్సల్‌లో కొలను కంప్యూటరు నోరెత్తలేదు. కొత్తదానిలో పదిహేడు. కొలను కంప్యూటర్లో ఇంకా ఎనిమిదే.

పెద్దాయన నా వెనకే నిలబడి, "పెన్‌డ్రైవ్ తడిసిందేమోనమ్మా, ఇటివ్వు, లుంగీతో తుడుస్తా" అన్నాడు. మా ఆయన పరిగెత్తుకొచ్చి, "ఓసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్, మా ఆఫీసులో ఎప్పుడూ అంతే" అన్నాడు. ఇద్దరినీ ఒక్క చూపు చూశాను. ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు.

"పెద్దాయనా, ఇందులో కొత్త జావా వేస్తే..." అంటూ నోరు తెరిచాను.

ఆయన అట్టముక్క నా వైపు తిప్పాడు. తర్వాత నీళ్ళ వైపు చూశాడు.

నిజమే. కొత్తది వేస్తే నా ప్రోగ్రామ్ లేస్తుంది, పలకలు పడుకుంటాయి. నడిపేదాన్ని పెంచే వీల్లేదు, తయారయ్యేదాన్నే తగ్గించాలి.

అవతల కోచ్ జేబులోంచి స్టాప్‌వాచ్ తీశాడు. "ఐదు నిమిషాలు చూద్దాం. కాకపోతే పోయినేడు లాగే చేత్తో కానిచ్చేద్దాం" అని మైకులో ప్రకటించాడు. అత్తగారు నా వైపు చూసింది. తిట్టలేదు. ఆవిడ తిట్టకుండా చూడడం నేను మొదటిసారి చూశాను, ఏడుపొచ్చినంత పనైంది. ఇంకో ఏడాది ఆ బొటనవేలి కథ వినాల్సి వస్తుందన్న భయం ఒకటి. కానీ అంతకంటే ఎక్కువగా, ఈ ముసలావిడకు నిజం తెలియాలనిపించింది.

ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తడి గట్టు మీదే చతికిలబడ్డాను. పదిహేడు కంపైలరుకు రిలీజ్ ఎనిమిది అని చెబితే చాలు, పాత జావాకు అర్థమయ్యేలా ఫైలు తయారుచేస్తుంది. చెప్పాను. రెండు తప్పులు చూపించింది. మూడు కొటేషన్ గుర్తుల మధ్య రాసిన మంచి మాట ఎనిమిదిలో చెల్లదట. నక్షత్రాలను ఇరవై చేసే మాట అసలు ఎనిమిదికి తెలియనే తెలియదట. అంకె ఒక్కటి తగ్గిస్తే సరిపోదు, ఎనిమిదికి తెలియని సోకులేవీ లోపల ఉండకూడదు.

తీరిక ఉంటే రెంటినీ పాత పద్ధతిలో తిరిగి రాసేదాన్నే. కోచ్ "రెండు నిమిషాలు" అన్నాడు. నక్షత్రాలు, మంచి మాట, పేర్లు, నిన్న రాత్రి రాసిన ముక్క మొత్తం కళ్ళు మూసుకుని తీసిపారేశాను. మళ్ళీ కంపైల్ చేశాను. తప్పుల్లేవు. పెన్‌డ్రైవ్ తీసి పెద్దాయనకు విసిరితే ఆయన ఒడిసి పట్టుకుని, అలవాటుగా లుంగీకి తుడిచి మరీ పెట్టాడు.

బోర్డు మీద ఇంగ్లీషు పోయింది. ఒకటి నుంచి ఆరు వరకు లేన్ల అంకెలు, వాటి పక్కన సున్నాలు.

ఈల పడింది. ఆరుగురూ దూకారు. సగం దూరం దాకా హెడ్‌మిస్ట్రెస్‌గారే ముందున్నారు. అక్కడ మా అత్తగారికి ఏం గుర్తొచ్చిందో ఏమో, చేతులు రోకళ్ళలా వేసింది. నేను లేచి నిలబడి ఏమేమి అరిచానో నాకే తెలియదు. మా ఆయన నన్ను నీళ్ళలో పడకుండా పట్టుకున్నాడట. ఇద్దరూ గోడ తాకారు. ఎవరు ముందో నా కళ్ళకైతే కనబడలేదు, ఏ స్టాప్‌వాచ్‌కూ అందేది కాదు.

మూడో లేన్, ముప్పై ఎనిమిది పాయింట్ నలభై నాలుగు. నాలుగో లేన్, ముప్పై ఎనిమిది పాయింట్ నలభై ఒకటి.

హెడ్‌మిస్ట్రెస్‌గారు ఈత కళ్ళద్దాలు పైకి తోసుకుని బోర్డు వైపు చూశారు. "సెకనులో నూటికి మూడు వంతులే తేడా!" అన్నారు. తర్వాత పక్క లేన్‌లోకి చెయ్యి చాపి, "పోయినేడు కూడా మీరే గెలిచారేమోనండీ. మావాడు నన్ను చూసి గాబరాపడతాడు" అన్నారు. కోచ్ స్టాప్‌వాచ్‌ను వీపు వెనక్కి దాచాడు.

అత్తగారు ఆ చెయ్యి పట్టుకుంది గానీ కళ్ళు మాత్రం బోర్డు మీదే ఉన్నాయి.

"అమ్మాయ్, నా పేరేదే?"

గుంపులో కూడా అదే గోల. "నాలుగో లేన్ ఎవరు? ఎవరావిడ?" అని వెనక మెట్ల మీదివాళ్ళు అడుగుతున్నారు. టోపీలు పెట్టుకున్నాక ఆరుగురూ ఒక్కలాగే ఉన్నారు మరి. పేర్లు తీసేసింది నేనే. పరీక్షించకుండా ఫైలు మార్చిందీ నేనే. ఆవిడ అడిగింది పేరూ, నాలుగు నక్షత్రాలూ, ఓ మంచి మాటా మాత్రమే, వాటికి కొత్త జావా ఏమీ అక్కర్లేదు.

వెళ్ళి కోచ్ చేతిలో మైకు లాక్కున్నాను.

"నాలుగో లేన్ మా అత్తగారు!" అన్నాను. "గెలిచింది మా అత్తగారు!"

చప్పట్లు మోగాయి. అత్తగారు గోడ పట్టుకుని నీళ్ళలోనే నిలబడి, చుట్టూ ఉన్న ఐదుగురికీ నన్ను చూపించింది. "మా కోడలు. ప్రోగ్రామర్" అంది. తర్వాత నా వైపు తిరిగి చెయ్యి ఊపింది.

"అమ్మాయ్, ఇంకోసారి చెప్పు. ఆ మూలవాళ్ళకు వినపడలేదు."