కప్లింగ్ లేని చోటు

సుశీలమ్మ పడకగదిలో స్విచ్ బోర్డులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ మెయిన్ ఆపేసి, వాకిట్లో నిలబడి పైకి కేకేసింది.

"రాజేశ్వరీ, ఆదివారం లోపల ఇల్లు ఖాళీ చెయ్యి తల్లీ. ఇంక నా వల్ల కాదు."

పై అంతస్తులో అద్దెకుండే రాజేశ్వరి మెట్లు దిగింది. ఈ నెలలో ఈ మాట వినడం ఐదోసారి. మదనపల్లెలో ఆస్పత్రికి రెండు వీధుల దూరంలో ఉన్న ఇల్లిది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే అత్త మారెమ్మ నడవగలిగేది అంతే దూరం.

"మేమేం నీళ్ళు పారబొయ్యలేదమ్మా."

"మరి నా గోడ దానంతటదే ఏడస్తాండాదా?" నర్సుగా రిటైరైనా సుశీలమ్మ గొంతులో వార్డు అదిలింపు పోలేదు.

ఇప్పటికి ఇద్దరు ప్లంబర్లు వచ్చిపోయారు. ఒకడు పై బాత్రూం బండలు పగలగొట్టాడు. ఇంకొకడు వాటి సందుల్లో తెల్ల సిమెంటు పూశాడు. చెమ్మ మాత్రం పెరుగుతూనే ఉంది.

మూడోవాణ్ణి కుప్పంలో పనిచేసే రాజేశ్వరి భర్త ఫోన్లో మాట్లాడి పంపాడు. పుంగనూరు ఎల్లప్ప. యాభై దాటిన మనిషి. సంచి దించి ఒకటే అడిగాడు.

"మీరు బాత్రూం వాడకుంటే చెమ్మ తగ్గుతాదామ్మా?"

"మొన్న రెండు దినాలు తాళమేసి కుప్పం పోయొచ్చినాం. తగ్గలే."

"అట్లయితే ఇది వాడిపోసిన నీళ్ళు కాదు. ట్యాంకు నుంచి దిగే పైపు. అది రేయింబగళ్ళు నిండుగానే ఉంటాది."

కింద, పైన, రెండిళ్ళ గోడల మీదా చెమ్మ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీశాడు. మిద్దెక్కి, ట్యాంకు దగ్గరున్న మూడు వాల్వుల్లో నడిమిది తిప్పి కట్టేశాడు. ఏది దేనిదని ఎవరినీ అడగలేదు. రాజేశ్వరి అది గమనించింది కానీ అప్పుడు పట్టించుకోలేదు. రెండు రోజులు బిందెలతో నీళ్ళు మోయాలన్న చిరాకులో ఉంది.

మూడో పొద్దుకు పెన్సిల్ గీతకు లోపలగా అంగుళం మేర గోడ ఆరింది.

"పైపే," అన్నాడు ఎల్లప్ప. "నీళ్ళు కిందికి జారతాయి. చెమ్మ కింద ఎంత పరుచుకున్నా, కారేది పైకొనలోనే ఉంటాది."

పైకొన రాజేశ్వరి వంటింటి అల్మారా వెనక ఉంది. అల్మారా దించి, గోడకు చెయ్యి ఆనించి చల్లదనం చూశాడు, వేళ్ళతో కొట్టి డొల్ల శబ్దం విన్నాడు. ఉలి పెట్టాడు. నానిన పూత పెచ్చులుగా రాలి పైపు బయటపడింది. జాయింటు దగ్గర పొడవునా సన్నటి పగులు. దానికి బెత్తెడు పక్కనే అల్మారా తగిలించడానికి కొట్టిన మేకు.

సుశీలమ్మ మేకును చూసింది. "అదీ సంగతి. నా గోడకు మేకు యాల కొట్టినావే?"

రాజేశ్వరి ఆ మేకు కొట్టింది నిజమే. నెలంతా కాదు కాదని వాదించింది. ఇప్పుడు తన మీద తనకే అనుమానం.

"ఆదివారం," అంది సుశీలమ్మ. "ఇంక మాట లేదు."

ఎల్లప్ప కింద కొళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్ళు వదిలేశాడు. పైపు కాస్త కదిలేందుకు గోడను పైకీ కిందికీ ఇంకో జానెడు తొలిచాడు. పగిలిన ముక్కను రంపంతో తిన్నగా కోసి తీసి, గబుక్కున సంచిలో వేశాడు. కోసిన కొనలు గీకి, గుడ్డతో తుడిచి ఆరనిచ్చాడు. కొత్త ముక్కకు రెండు పైపు కొనల్ని కలిపి పట్టే కప్లింగ్ అటొకటి ఇటొకటి పెట్టి, గమ్ము రాసి, లోపలికంటా నెట్టి, కొంచెం తిప్పి కదలకుండా పట్టుకున్నాడు.

"రేపటిదాకా నీళ్ళు వదలొద్దు. వదిలినాక రెండు దినాలు సూసి, కారకుంటేనే పూత వెయ్యండి."

"ఆ ముక్క సూపించప్పా," అంది రాజేశ్వరి.

"పగిలిందాన్ని ఏం సూస్తావులేమ్మా."

"ఇల్లు పోతాండేది నాకు. మూడు వాల్వుల్లో నడిమిదే ఈ గోడదని నీకెట్ల తెలిసె?"

రాజేశ్వరే సంచిలోంచి ముక్క తీసింది. జాయింటు మీద కప్లింగ్ లేదు. ఒక పైపు మూతి ఉబ్బి, గోధుమ రంగుకు మాడి ఉంది. పగులు ఆ మాడిన చోటే మొదలైంది. మేకు దెబ్బ ఎక్కడా లేదు.

ఎల్లప్ప సుశీలమ్మ వైపు తిరిగాడు.

"ఆ మేకు కాదమ్మా, నేను. పదకొండేండ్ల కిందట ఈ ఇంటికి పైపులేసినోళ్ళల్లో నేనొకణ్ణి. మీరప్పుడు కుప్పంలో డ్యూటీ. ఈడ ఒక్క కప్లింగ్ తక్కువొచ్చె. పొద్దున్నే పూతోళ్ళు వస్తాండారని మేస్త్రీ తరుముతాండె. కాగితం మంట పెట్టి పైపు మూతి కాల్చి, పెద్దది చేసి, రెండోదాన్ని దాంట్లో దూర్చేసినా. కాలిస్తే పల్చబడతాది, ఎన్నటికైనా చీలతాదని తెలుసు. గోడలో ఉండేదాన్ని ఎవరు సూస్తార్లే అనుకొంటి. ఈయమ్మను యాడికీ పంపొద్దు."